మన ఖాతా, మన డబ్బు... మరి ఈ కోత ఏమిటి?

బ్యాంకు కౌంటర్ దగ్గర ఈ మధ్య తరచూ వినిపించే పేచీ ఇది. పెద్ద మొత్తం నగదు తీసుకున్న మనిషి పాస్‌బుక్ అచ్చు వేయించుకుంటే, తీసిన సొమ్ము కంటే ఖాతాలో ఇంకో ఇరవై వేలు ఎక్కువ తగ్గి ఉంటుంది. "ఇదేంటండీ?" అంటే, "టీడీఎస్ అండీ, కంప్యూటరే కట్ చేస్తుంది" అని లోపలి నుంచి జవాబు. "నా డబ్బు నేను తీసుకుంటే పన్నేంటి? ఇదేమన్నా నాకొచ్చిన ఆదాయమా?" అని వాదించి, కాసేపు విసుక్కుని, చివరికి ఆ సొమ్ము పోయిందనే లెక్కలో ఇంటికి వెళ్లిపోతారు చాలామంది.

ఆ సొమ్ము పోలేదు. వారి పాన్ నంబరు మీద ప్రభుత్వం దగ్గర జమగా ఉంది. కట్టాల్సిన పన్ను ఉంటే అందులో సర్దుబాటవుతుంది, లేకపోతే మొత్తం వెనక్కి వస్తుంది. కాకపోతే అడగకుండా రాదు. ఏ ఫారంలో, ఏ సంవత్సరానికి, ఎవరి పేరున అడగాలో తెలియక వదిలేసుకుంటున్న వారిలో ఎక్కువమంది అసలు పన్ను పరిధిలోనే లేనివారు. పొలం అమ్ముకున్న రైతులు, భర్త పోయాక వచ్చిన డబ్బుతో ఇల్లు కట్టుకుంటున్న మహిళలు, ఎన్నడూ రిటర్న్ వేసి ఎరగని చిన్న వ్యాపారులు.

ఆదాయపు పన్ను చట్టంలో 194ఎన్ అనే సెక్షన్ 2019 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చింది. నగదు వాడకాన్ని తగ్గించడానికి తెచ్చిన నిబంధన అది. ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక బ్యాంకు నుంచి కోటి రూపాయలకు మించి నగదు తీస్తే, మించిన మొత్తం మీద 2 శాతం పట్టుకోవాలన్నది మొదటి రూపం. కోటి అనగానే ఇది మనకు సంబంధించిన గొడవ కాదులే అనుకున్నారు మామూలు జనం. కానీ 2020 జులై 1 నుంచి దానికి ఇంకో మెలిక చేరింది. వెనకటి మూడేళ్లలో ఒక్క ఏడాదికి కూడా రిటర్న్ వేయని వారికి పరిమితి కోటి కాదు, 20 లక్షలే. ఇరవై దాటి కోటి వరకు తీసిన దాని మీద 2 శాతం, కోటి దాటిన దాని మీద 5 శాతం. సహకార సంఘాలకు మాత్రం 2023 ఏప్రిల్ నుంచి మొదటి పరిమితిని మూడు కోట్లకు పెంచారు.

రిటర్న్ వేయనక్కర్లేనంత తక్కువ ఆదాయం ఉన్నవారు రిటర్న్ వేయకపోవడం తప్పేమీ కాదు, చట్టమే అలా వెసులుబాటు ఇచ్చింది. అయినా కోత విషయానికి వచ్చేసరికి వారే ముందు వరసలో నిలబడ్డారు. ఏడాదికి తొంభై లక్షలు నగదు తీసే వ్యాపారి రిటర్నులు వేస్తూ ఉంటే అతనికి పైసా కోత లేదు. జీవితంలో ఒక్కసారి పొలం అమ్మి పాతిక లక్షలు తీసిన రైతుకు కోత ఉంది. ఇందులో న్యాయం ఏమిటని అడిగితే నా దగ్గరా జవాబు లేదు. డబ్బు వెనక్కి తెచ్చుకునే దారి మాత్రం ఉంది.

పరిమితిని లెక్కేసే పద్ధతి ముందు చూద్దాం. లెక్క ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు. ఒకే బ్యాంకులో మీకు మూడు శాఖల్లో మూడు ఖాతాలున్నా అన్నీ కలిపి లెక్కేస్తారు, ఎందుకంటే వాటన్నిటికీ పాన్ ఒక్కటే. ఏటీఎంలో తీసినా, సెల్ఫ్ చెక్కు మీద తీసినా, విత్‌డ్రాయల్ ఫారం రాసి తీసినా నగదు నగదే. వేరే బ్యాంకులో తీసింది ఈ లెక్కలోకి రాదు, దానికి దాని లెక్క వేరే. ఆర్‌టీజీఎస్, నెఫ్ట్, యూపీఐ, అకౌంట్ పేయీ చెక్కుల ద్వారా ఎంత పంపినా ఈ సెక్షన్‌తో సంబంధమే లేదు. ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ మీద కోత వద్దని 15జి, 15హెచ్ ఫారాలు ఇచ్చినట్టు ఇక్కడ ఇచ్చి తప్పించుకునే వీలు లేదు. పాన్ ఇవ్వకపోయినా, ఆధార్‌తో లింకు కాక పాన్ పనిచేయకుండా పోయినా కోత 20 శాతం దాకా వెళ్తుంది.

ఇక లెక్క ఎలా నడుస్తుందో చూడటానికి వెంకటేశ్వర్లు అనే రైతును ఊహించుకుందాం. వయసు 52. పల్నాడులో మున్సిపాలిటీలకు దూరంగా ఉన్న ఒక పల్లె. మూడెకరాల పొలం అమ్మితే కొన్నాయన 54 లక్షలు బ్యాంకు ద్వారానే వేశాడు. వెంకటేశ్వర్లు ఇల్లు మొదలుపెట్టాడు. మేస్త్రీలకు, కూలీలకు, ఇసుక లారీలకు నగదే కావాలి. 2024-25లో నాలుగు విడతలుగా డబ్బు తీశాడు. మే నెలలో 6 లక్షలు, ఆగస్టులో 9 లక్షలు. అక్కడికి 15 లక్షలు, కోత లేదు. నవంబరులో 8 లక్షలు తీసేసరికి మొత్తం 23 లక్షలైంది. ఇరవై దాటింది మూడు లక్షలు కాబట్టి దాని మీద 2 శాతం, అంటే రూ.6,000 కోశారు. జనవరిలో తీసిన 11 లక్షలు పూర్తిగా పరిమితి పైనే ఉన్నాయి. చేతికి 11 లక్షలు వచ్చాయి, ఖాతాలో మాత్రం రూ.11,22,000 తగ్గింది. ఏడాది మొత్తం మీద తీసింది 34 లక్షలు, కోత రూ.28,000.

ఆ ఏడాది ఆయనకు మిగతా పొలం మీద ఖర్చులు పోను రెండున్నర లక్షల వ్యవసాయాదాయం, సేవింగ్స్ ఖాతా వడ్డీ రూ.38,000 వచ్చాయి. వ్యవసాయాదాయానికి పన్ను లేదు. వడ్డీ ఒక్కటే పన్ను లెక్కలోకి వస్తుంది, అది కొత్త విధానంలోని మూడు లక్షల కనీస పరిమితికి చాలా కింద. మున్సిపాలిటీ హద్దు నుంచి చట్టం చెప్పిన దూరానికి అవతల ఉన్న సాగుభూమి మూలధన ఆస్తి కాదు కనుక అమ్మకం మీద క్యాపిటల్ గెయిన్స్ పన్నూ లేదు. మున్సిపాలిటీ జనాభాను బట్టి ఆ దూరం 2, 6, 8 కిలోమీటర్లుగా మారుతుంది. హద్దు లోపల ఉన్న పొలమైతే కథ వేరు, అప్పుడు పన్ను లెక్కగట్టి అందులో ఈ 28 వేలు తగ్గించుకోవాలి. వెంకటేశ్వర్లుకు మాత్రం కట్టాల్సిన పన్ను సున్నా. రూ.28,000 పూర్తిగా ఆయనకే రావాలి.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. ఆయన రిటర్న్ వేస్తే డబ్బు వస్తుంది, వేయకపోతే పోతుంది, అంతేనా అంటే అంతే కాదు. ఒక ఏడాదిలో టీడీఎస్, టీసీఎస్ కలిపి రూ.25,000 చేరితే ఆదాయం పరిమితిలోపు ఉన్నా సరే రిటర్న్ వేసి తీరాలి. అరవై ఏళ్లు నిండిన వారికి ఆ అంకె రూ.50,000. కాబట్టి వెంకటేశ్వర్లుకు రిటర్న్ అనేది ఇష్టం మీద ఆధారపడిన విషయం కాదు.

రిటర్న్‌కు ముందు ఒక పని చేయాలి. ఆదాయపు పన్ను పోర్టల్‌లో పాన్‌తో లాగిన్ అయి ఫారం 26ఏఎస్ తెరిచి చూడాలి. బ్యాంకు పట్టుకున్న పన్నును మన పాన్ మీద జమ చేసిందా లేదా అన్నది అక్కడే తేలుతుంది. బ్యాంకు పేరు, దాని టాన్ నంబరు, తేదీ, కోసిన మొత్తం వరసగా ఉంటాయి. సెక్షన్ గడిలో రిటర్న్ వేయని వారికి పడిన కోత అయితే 194NF అని, కోటి దాటిన మామూలు కోత అయితే 194N అని కనిపిస్తుంది. పక్కన స్టేటస్ గడిలో F అని ఉంటే జమ ఖాయమైనట్టు. మీ పాస్‌బుక్‌లో కోత ఉండి 26ఏఎస్‌లో లేకపోతే, బ్యాంకు ఆ మూడు నెలల టీడీఎస్ స్టేట్‌మెంట్‌లో మీ వివరాలు ఇవ్వలేదనో, పాన్ తప్పు కొట్టిందనో అర్థం. జనవరి-మార్చి కోతల స్టేట్‌మెంట్‌కు బ్యాంకుకు మే 31 వరకు గడువుంటుంది కాబట్టి ఏప్రిల్‌లోనే చూసి కంగారుపడక్కర్లేదు. జూన్ సగం దాటాక కూడా కనిపించకపోతే శాఖ మేనేజరుకు రాతపూర్వకంగా ఇచ్చి స్టేట్‌మెంట్ సవరించమని అడగాలి, ఫారం 16ఏ సర్టిఫికెట్ తీసుకోవాలి. 26ఏఎస్‌లో లేనిదాన్ని రిటర్న్‌లో అడిగితే బెంగళూరులోని ప్రాసెసింగ్ సెంటర్ ఇవ్వదు.

ఇప్పుడు ఫారం. జీతగాళ్లు, పెన్షనర్లు అలవాటుగా వాడే ఐటీఆర్-1 ఇక్కడ పనికిరాదు. 194ఎన్ కింద కోత పడినవారు దాన్ని వాడకూడదని నిబంధనలోనే ఉంది. మీసేవ పక్కన నెట్ సెంటర్లలో నూట యాభైకో రెండొందలకో వేసే రిటర్నులు తేడా కొట్టేది ఇక్కడే. వ్యాపారాదాయం లేనివారు ఐటీఆర్-2 వేయాలి. వ్యాపారం ఉండి పుస్తకాలు రాసేవారు, అలాగే కమీషన్ మీద బతికేవారు ఐటీఆర్-3కి వెళ్లాలి. మన వెంకటేశ్వర్లుది ఐటీఆర్-2, అసెస్‌మెంట్ సంవత్సరం 2025-26.

ఫారం మొదట్లోనే, సెక్షన్ 139(1)లోని ఏడో ప్రొవైజో కింద రిటర్న్ వేస్తున్నారా అనే ప్రశ్న వస్తుంది. ఆదాయం పరిమితిలోపే ఉన్నా టీడీఎస్ పాతిక వేలు దాటినందుకు వేస్తున్నాం కనుక అవును అని పెట్టి, దాని కింద వచ్చే కారణాల్లో టీడీఎస్ గడిని ఎంచుకోవాలి. వ్యవసాయాదాయాన్ని మినహాయింపు ఆదాయాల షెడ్యూల్‌లో చూపాలి. పొలం అమ్మిన సొమ్మును కూడా చాలామంది ఆడిటర్లు అదే షెడ్యూల్‌లో ఇతరములు కింద చూపిస్తారు. అలా చూపిస్తేనే మంచిదని నా అభిప్రాయం. 34 లక్షల నగదు తీసినట్టు శాఖ రికార్డులో ఇప్పటికే ఉంది, ఆ డబ్బు ఎక్కడిదో రిటర్న్‌లోనే కనపడితే రేపు నోటీసు వచ్చినా జవాబు తేలిక.

ఆ తర్వాత టీడీఎస్ షెడ్యూల్. జీతం కాని వాటిపై కోతలు చూపే పట్టికలో బ్యాంకు వరస సాధారణంగా ముందే నిండి ఉంటుంది. కోసిన రూ.28,000 మొత్తాన్ని ఈ ఏడాదే క్లెయిమ్ చేస్తున్నట్టు నింపాలి. దాని పక్కన, ఈ టీడీఎస్‌కు సంబంధించిన ఆదాయాన్ని ఏ పద్దు కింద చూపారని అడిగే గడి ఒకటి ఉంటుంది. అసలు పొరపాటు జరిగే చోటు అది. అక్కడ ఇంటి అద్దె, క్యాపిటల్ గెయిన్స్, ఇతర ఆదాయం లాంటివాటితో పాటు NA అని ఒక ఎంపిక ఉంది. అది ఈ 194ఎన్ కోత కోసమే పెట్టారు. అదే ఎంచుకోవాలి.

ఎందుకంత పట్టింపు అంటే, ఇది తెలియని కొందరు టీడీఎస్ ఉంది కాబట్టి ఆదాయం కూడా ఉండాలి కదా అనుకుని 26ఏఎస్‌లో ఉన్న 14 లక్షలను ఇతర ఆదాయం కింద వేసేస్తారు. వెంకటేశ్వర్లు విషయంలో అలా చేస్తే 28 వేలు రావాల్సిన చోట లక్షకు పైగా పన్ను కట్టమని లెక్క తేలుతుంది. మీ ఖాతాలోని మీ డబ్బు ఆదాయం కాదు. కోసిన 28 వేలను కూడా ఆదాయంగా చూపనక్కర్లేదు. మామూలుగా వడ్డీ మీదో, కమీషన్ మీదో కోసిన పన్నును ఆదాయంలో భాగంగానే లెక్కిస్తారు, కానీ 194ఎన్ కోతను అలా చూడకూడదని సెక్షన్ 198లో ప్రత్యేకంగా రాశారు.

ఇంకో రెండు కట్టుబాట్లు. ఎవరి ఖాతా నుంచి కోత పడిందో వారే అడగాలి. తండ్రి ఖాతాలో పడిన కోతను, నేనెలాగూ రిటర్న్ వేస్తున్నాను కదా అని కొడుకు తన రిటర్న్‌లో చూపిస్తే చెల్లదు. అలాగే ఏ ఆర్థిక సంవత్సరంలో కోశారో ఆ సంవత్సరపు రిటర్న్‌లోనే అడగాలి. వచ్చే ఏడాదికి జరుపుకునే వీలు మిగతా టీడీఎస్‌లకు కొన్ని సందర్భాల్లో ఉన్నా దీనికి లేదు. ఈ రెండూ ఆదాయపు పన్ను నిబంధన 37బిఏలో ఉన్నాయి.

రిటర్న్ పంపాక 30 రోజుల్లోపు ఆధార్ ఓటీపీతో ధ్రువీకరించాలి, లేదంటే అది వేయనట్టే. రిఫండ్ పడాల్సిన ఖాతాను పోర్టల్‌లో ముందే వ్యాలిడేట్ చేసి ఉంచాలి. పాన్‌లో ఇంటిపేరు ఒకలా, బ్యాంకులో ఒకలా ఉంటే అక్కడే ఆగిపోతుంది. గడువులోపు రిటర్న్ వేసినవారికి ఏప్రిల్ 1 నుంచి నెలకు అర శాతం చొప్పున వడ్డీ కూడా కలిపి ఇస్తారు. 28 వేలకు అది నెలకు రూ.140. ఆ వడ్డీ మాత్రం ఆదాయమే, అందిన ఏడాది లెక్కలో చూపాలి.

అసలు కోతే పడకుండా చూసుకోవచ్చా? చూసుకోవచ్చు. పోర్టల్ మొదటి పేజీలోనే, లాగిన్ అవసరం లేకుండా, TDS on Cash Withdrawal అనే లింకు ఉంటుంది. పాన్, మొబైల్ నంబరు కొట్టి ఓటీపీ ఇస్తే మీకు ఎంత శాతం వర్తిస్తుందో అదే చెబుతుంది. బ్యాంకులు చూసుకునేదీ శాఖ ఇచ్చే ఈ సమాచారాన్నే. మూడేళ్లలో ఒక్క ఏడాదికి రిటర్న్ వేసి ఉన్నా 20 లక్షల మెలిక మీకు పట్టదు, కోటి దాకా స్వేచ్ఛే. పొలమో స్థలమో అమ్మే ఆలోచన ఉన్న కుటుంబం, ఆదాయం లేకపోయినా, ముందు ఏడాదే ఒక సున్నా పన్ను రిటర్న్ వేసి పెట్టుకోవడం తెలివైన పని. ఇల్లు కట్టేవారైతే సిమెంటు, ఇనుము కొట్లకు నేరుగా ఖాతా నుంచి పంపితే చాలు, నగదు అవసరం సగానికి పడిపోతుంది. పైగా ఒకే లావాదేవీకి 2 లక్షలు, అంతకు మించి నగదుగా తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా వేసే సెక్షన్ 269ఎస్‌టీ ఒకటి ఉంది. కంట్రాక్టరు నగదే కావాలని పట్టుబడితే ఆ మాట గుర్తుచేయండి.

గుంటూరు మిర్చి యార్డు లాంటి చోట్ల కమీషన్ ఏజెంట్ల పరిస్థితి వేరు. సీజన్‌లో రైతుకు నగదు ఇవ్వాలంటే కోటి దాటడం వారికి పెద్ద విషయం కాదు. అందుకే 2019 సెప్టెంబరులోనే ఒక నోటిఫికేషన్ ఇచ్చి మార్కెట్ కమిటీ పరిధిలో నమోదైన ఏజెంట్లకు, వ్యాపారులకు మినహాయింపు ఇచ్చారు. అయితే అది దానంతటదే అమలు కాదు. కోటికి మించి ఏ ఖాతా నుంచి తీయబోతున్నారో, ఏ సంవత్సరానికో, పాన్‌తో సహా బ్యాంకుకు ముందుగా తెలపాలి. ఆ నగదు రైతుల పంట కొనుగోలు చెల్లింపులకేనని ధ్రువపత్రం ఇవ్వాలి. లైసెన్సు కాపీ బ్యాంకు ఫైల్‌లో ఉండాలి. ఈ కాగితం ఇవ్వకుండా కోటీ నలభై లక్షలు తీసిన ఏజెంటుకు రూ.80,000 కోత పడుతుంది. ఏడాది చివర ఐటీఆర్-3లో పన్నుకు సర్దుకోవచ్చు గానీ, సీజన్‌లో తిరగాల్సిన పెట్టుబడి అప్పటిదాకా అక్కడే ఇరుక్కుంటుంది.

ఒక హెచ్చరిక. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి చట్టం స్థానంలో ఆదాయపు పన్ను చట్టం-2025 వచ్చింది. టీడీఎస్ నిబంధనల్లో ఎక్కువ భాగం అందులో 393వ సెక్షన్ కిందికి చేరాయి. పైన చెప్పిన సెక్షన్ నంబర్లు, పరిమితులు 2026 మార్చి 31 వరకు తీసిన నగదుకు సంబంధించినవి. ఆ తర్వాత పెద్ద మొత్తం తీయబోయేవారు ఇప్పుడు ఏ రేటు వర్తిస్తుందో బ్యాంకులో కనుక్కుని తీయండి.

ఇక గడువు దాటిపోయిన వారి మాట. జులై 31 తప్పితే డిసెంబరు 31 వరకు ఆలస్యపు రిటర్న్ వేయవచ్చు, అందులోనూ రిఫండ్ వస్తుంది. అదీ తప్పితే అప్‌డేటెడ్ రిటర్న్ అనే ఐటీఆర్-యు ఉంది కదా అనుకోకండి, దానితో రిఫండ్ అడగడం కుదరదు. అప్పుడు మిగిలేది ఒక్కటే, ఆలస్యాన్ని మన్నించమని సెక్షన్ 119(2)(బి) కింద కమిషనర్‌కు దరఖాస్తు పెట్టుకోవడం. ఎందుకు వేయలేకపోయారో నిజమైన కారణం చూపాలి, పాస్‌బుక్, 26ఏఎస్ జత చేయాలి, వడ్డీ మీద ఆశ వదులుకోవాలి. 2024 అక్టోబరు 1 నాటి సర్క్యులర్ ప్రకారం అసెస్‌మెంట్ సంవత్సరం ముగిసిన నాటి నుంచి ఐదేళ్ల లోపు ఈ దరఖాస్తు చేయాలి. 2020-21లో కోత పడి ఇంకా అడగనివారికి ఆ ఆఖరి తేదీ 2027 మార్చి 31.